పక్కనే ఉన్న టీవీ ఫోన్‌కు ఎందుకు కనిపించదు?

టీవీ తరగతి గోడకు ఉంది. ఫోన్ మన చేతిలో ఉంది. మధ్య దూరం రెండు బారలకు మించదు. రెండింటికీ వైఫై అందుతోంది. టీవీలో యూట్యూబ్ విడిగా ఆడుతోంది, ఫోన్‌లోనూ ఆడుతోంది. కానీ ఫోన్‌లోని పాఠాన్ని టీవీ మీదికి పంపుదామని క్యాస్ట్ గుర్తు నొక్కితే, జాబితాలో ఒక్క పేరూ ఉండదు. ఒక్కోసారి ఆ గుర్తే కనబడదు. ఫోన్ ఆపి మళ్లీ వెలిగిస్తాం, టీవీ ప్లగ్ పీకి మళ్లీ పెడతాం. ఈలోగా పీరియడ్‌లో పావు వంతు అయిపోతుంది. చివరికి టీవీ చెడిపోయిందనో, ఫోన్ పాతదైందనో తేల్చేస్తాం. చాలాసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి. తంటా అంతా ఫోన్ ఏ వైఫైకి తగిలి ఉందన్న దానిలో ఉంటుంది.

పొరుగు రాష్ట్రాల తెలుగు మాధ్యమం తరగతులకు ఈ తంటా కాస్త ఎక్కువే తగులుతుంది. ఉమ్మడి టీవీ గదిలోని పరికరంలో ముందుగా ఎక్కించి ఉంచే పాఠాలు సాధారణంగా ఆ రాష్ట్ర భాషలోనే ఉంటాయి. మన పిల్లలకు కావలసిన తెలుగు వీడియో, దీక్ష యాప్‌లో దించుకున్న పాఠం, మనం స్వయంగా తీసుకున్న పద్యం రికార్డింగు, ఇవన్నీ ఉపాధ్యాయుడి సొంత ఫోన్‌లో ఉంటాయి. ఆ సొంత ఫోన్‌కు బడి ఇచ్చేది గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డు. తక్కిన సెక్షన్ల వారు టీవీ రిమోట్‌తో పాఠం మొదలుపెడుతుంటే, మనం ఖాళీ జాబితా చూస్తూ నిలబడతాం. టీవీ గది మన సెక్షన్‌కు వారానికి రెండు పీరియడ్లే దొరికే చోట పావు పీరియడ్ తక్కువ నష్టమేమీ కాదు. అందుకే ఈ వారం ఈ ఒక్క సంగతినే నిదానంగా విప్పి చూద్దాం.

పేరు ఒకటే, పనులు మూడు

‘క్యాస్ట్ చేయడం’ అని మనం ఒకే మాట వాడతాం గానీ దాని కింద మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. ఇవి విడివిడిగా తెలిస్తే సగం చిక్కు వీడుతుంది.

మొదటిది, యూట్యూబ్ లాంటి యాప్‌లో పైన ఉండే క్యాస్ట్ గుర్తు. మూలలో వైఫై గీతలున్న చిన్న తెర బొమ్మ అది. దాన్ని నొక్కినప్పుడు ఫోన్ వీడియోను టీవీకి పంపదు. ‘ఫలానా వీడియోను నువ్వే తెచ్చుకుని ఆడించు’ అని కబురు మాత్రమే పంపుతుంది. టీవీ నేరుగా ఇంటర్‌నెట్ నుంచి వీడియో దించుకుంటుంది. అక్కడి నుంచి ఫోన్ రిమోట్ పని మాత్రమే చేస్తుంది. వీడియో మధ్యలో ఫోన్‌కు కాల్ వచ్చి మాట్లాడుకున్నా తెర మీద పాఠం సాగిపోతూనే ఉంటుంది.

రెండోది, ఫోన్ తెరనంతా ఉన్నదున్నట్టు టీవీ మీద చూపడం. క్యాస్ట్ గుర్తు లేని యాప్‌లకు, ఫొటో తీసిన నోటు పుస్తకం పేజీకి, ఫోన్‌లో దాచుకున్న వీడియోకు ఇదే కావాలి. గూగుల్ హోమ్ యాప్‌లో `Cast my screen` నొక్కినప్పుడు జరిగేది ఇది. ఇక్కడ ఫోన్ తన తెరను క్షణక్షణం బొమ్మలుగా మార్చి వైఫై మీద టీవీకి అందిస్తుంది. కాబట్టి ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ తరుగుతుంది. కాల్ వస్తే ఆ కాల్ చేసిన వారి పేరు కూడా పిల్లలందరికీ కనిపిస్తుంది. మొదలుపెట్టే ముందు `Do Not Disturb` వేసుకోవడం మంచిది.

మూడోది మిరాకాస్ట్. పైకి ఇదీ తెరను చూపడమే. కానీ ఇది రూటర్ జోలికి పోదు. ఫోన్, టీవీ తమలో తాము నేరుగా వైఫై లంకె వేసుకుంటాయి. శామ్‌సంగ్ ఫోన్లలో `Smart View` పేరుతో ఉన్నది ఈ పద్ధతినే వాడుతుంది. ఐఫోన్లలో, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ లేదు.

మొదటి రెండింటికీ ఫోన్, టీవీ ఒకే నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి కనబడాలి. మూడోదానికి ఆ అవసరం లేదు. గెస్ట్ నెట్‌వర్క్ అడ్డుపడేది మొదటి రెండింటికే.

ఫోన్ హాజరు పిలుస్తుంది

టీవీ ఎక్కడుందో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? మనం ఎప్పుడూ దాని చిరునామా చెప్పలేదు కదా. అది మనం రోజూ చేసే పనే చేస్తుంది. హాజరు పిలుస్తుంది.

నెట్‌వర్క్‌లో `224.0.0.251` అని ఒక ప్రత్యేకమైన చిరునామా ఉంది. ఇది ఏ ఒక్క పరికరానిదీ కాదు. దీనికి పంపిన మాట ఆ నెట్‌వర్క్‌లో వినడానికి సిద్ధంగా ఉన్న పరికరాలన్నిటికీ చేరుతుంది. ఫోన్ ఈ చిరునామాకు ‘`_googlecast._tcp` సేవ ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉందా?’ అని కేక వేస్తుంది. క్యాస్ట్ ఉన్న టీవీ ‘ఉన్నాను, నా పేరు ఫలానా, నా నంబరు ఫలానా’ అని బదులిస్తుంది. ఆ పేరే మన జాబితాలో కనిపిస్తుంది. ఈ పద్ధతి పేరు ఎండీఎన్ఎస్. ఐఫోన్ ఎయిర్‌ప్లే కూడా ఇలాగే కేక వేస్తుంది, కాకపోతే అది అడిగే సేవ పేరు `_airplay._tcp`.

ఈ కేక తన నెట్‌వర్క్ దాటి పోకూడదన్నది దీని నియమం. ఐదో తరగతి హాజరు పిలుస్తుంటే పక్క గదిలోని నాలుగో తరగతి పిల్లలు పలకరు కదా, అలాగన్నమాట. ఒక నెట్‌వర్క్‌లో వేసిన కేకను రూటర్ ఇంకో నెట్‌వర్క్‌లోకి మోయదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టుకున్నదే. లేకపోతే ఊళ్లోని ప్రతి ఫోన్ కేకా ప్రతి ఇంట్లో వినబడేది.

రెండు గోడలు

ఇప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ సంగతికి వద్దాం. రూటర్ పెట్టె ఒకటే. అది రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. ఒకటి ఆఫీసుకు, ఒకటి వచ్చిపోయే వారికి. ఆఫీసు నెట్‌వర్క్‌లో పిల్లల వివరాలున్న కంప్యూటరు ఉంటుంది, ప్రింటరు ఉంటుంది, కొన్ని చోట్ల కెమెరాల రికార్డరు కూడా ఉంటుంది. ఎవరి ఫోన్‌లో ఏ పాడు యాప్ ఉందో తెలియదు కాబట్టి, బయటి ఫోన్లకు ఇంటర్‌నెట్ మాత్రం ఇచ్చి లోపలి వస్తువులు అందకుండా చేయడం గెస్ట్ నెట్‌వర్క్ పని. దీని కోసం అది రెండు గోడలు కడుతుంది.

మొదటి గోడ గెస్ట్‌కూ ఆఫీసుకూ మధ్య. టీవీ ఆఫీసు నెట్‌వర్క్‌లో, ఫోన్ గెస్ట్‌లో ఉంటే ఫోన్ వేసిన కేక ఈ గోడకు తగిలి ఆగిపోతుంది. ఇది చాలామంది ఊహించేదే. ‘అయితే టీవీని కూడా గెస్ట్‌లోకి తెస్తే సరి’ అనుకుంటారు. తెస్తారు. అప్పుడూ కనిపించదు. అసలు చిరాకు అక్కడ మొదలవుతుంది.

దానికి కారణం రెండో గోడ. ఇది గెస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య ఉంటుంది. దీన్ని క్లయింట్ ఐసొలేషన్ అనీ, ఏపీ ఐసొలేషన్ అనీ అంటారు. దీన్ని అర్థం చేసుకోవాలంటే వైఫై గురించి ఒక్క విషయం తెలియాలి. ఒకే వైఫైకి తగిలిన రెండు పరికరాలు జానెడు దూరంలో ఉన్నా నేరుగా మాట్లాడుకోవు. ఫోన్ మాట ముందు రూటర్‌కు వెళుతుంది, రూటర్ దాన్ని టీవీకి అందిస్తుంది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకరికొకరు రాసుకున్న చీటీ కూడా టీచరు చేతి మీదుగానే పోవాలన్నట్టు. టీచరు ‘మీలో మీకు చీటీలు వద్దు, బయటికి రాసే ఉత్తరాలు మాత్రం ఇవ్వండి, పోస్టు చేస్తాను’ అంటే పక్కపక్కనే ఉన్నా ఇద్దరికీ మాట కుదరదు. ఐసొలేషన్ చేసేది సరిగ్గా ఇదే. ఇంటర్‌నెట్‌కు పోయే మాటను పోనిస్తుంది, పక్క పరికరానికి పోయే మాటను పారేస్తుంది. అందుకే ఫోన్‌లో యూట్యూబ్ ఆడుతుంది, టీవీలో యూట్యూబ్ ఆడుతుంది, రెండూ కలవవు.

హోటళ్లు, హాస్టళ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల మూడో చిక్కు కూడా ఉంటుంది. వైఫైకి తగలగానే ఒక పేజీ తెరుచుకుని ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతుంది. ఫోన్‌లో అది నింపగలం. టీవీకి తగిలించే క్యాస్ట్ డాంగిల్‌లో ఆ పేజీని తెరిచే వీలు సాధారణంగా ఉండదు. కాబట్టి అది ఆ వైఫైలోకే రాలేదు. శిక్షణ తరగతులకు డాంగిల్ పట్టుకెళ్లే వారు ఇది గుర్తుంచుకోవాలి.

హోసూరు వైపు ఒక బడిలో

తమిళనాడులో హోసూరు వైపు, కన్నడ సరిహద్దుకు దగ్గరగా, తమిళం, తెలుగు రెండు మాధ్యమాలూ ఉన్న ఒక బడిలో ఈ చిక్కును మేము వరుసగా విప్పి చూశాం. ఆ వరుస చెబితే ఇంకొకరికి పనికొస్తుంది.

అక్కడి టీవీలో క్యాస్ట్ లోపలే ఉంది. అది ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించి ఉంది. మా ఫోన్ గెస్ట్‌లో ఉంది. జాబితా ఖాళీ. ముందుగా రెండింటి నంబర్లు చూశాం. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో వైఫైకి వెళ్లి, తగిలి ఉన్న నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే కింద `IP address` అని ఉంటుంది. టీవీలోనూ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ భాగంలో అదే పేరుతో ఉంటుంది. ఇలా కనిపించాయి:

```
ఫోన్ : 192.168.20.37
టీవీ : 192.168.1.14
```

ఇంటి రూటర్లలో, చిన్న బడుల రూటర్లలో చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలూ ఒకే నెట్‌వర్క్‌లో ఒకటిగా ఉంటాయి, చివరిది మాత్రం పరికరాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ మూడోది ఒకచోట 20, ఇంకోచోట 1. అంటే రెండూ రెండు గదుల్లో ఉన్నాయి. మొదటి గోడ ఖాయమైంది.

అప్పుడు టీవీని కూడా గెస్ట్‌కు మార్చాం. టీవీ నంబరు `192.168.20.41` అయింది. ఇప్పుడు మొదటి మూడు సంఖ్యలూ కలిశాయి. రెండు నిమిషాలు ఆగి క్యాస్ట్ నొక్కాం. జాబితా ఇంకా ఖాళీయే. రెండో గోడ ఉందన్న అనుమానం ఇక్కడ బలపడింది. అనుమానమే అంటున్నాం, ఎందుకంటే టీవీలో క్యాస్ట్ పాడైనా ఇలాగే ఉంటుంది. దాన్ని తేల్చడానికి ఒక పరీక్ష మిగిలింది.

ఇంకో ఉపాధ్యాయురాలి ఫోన్‌లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ వేయించాం. టీవీని, మా ఫోన్‌ను రెండింటినీ ఆ హాట్‌స్పాట్‌కు తగిలించాం. కొన్ని సెకన్లలో టీవీ పేరు జాబితాలోకి వచ్చింది, వీడియో ఆడింది. దీంతో విషయం తేలిపోయింది. టీవీ బాగుంది, ఫోన్ బాగుంది, అడ్డు బడి గెస్ట్ నెట్‌వర్క్‌ది. ఈ హాట్‌స్పాట్ పరీక్ష ఒక్కటే చాలు అనుకుంటే తప్పేం లేదు. నంబర్లు చూడడం తెలియని వారు నేరుగా దీనికే రావచ్చు.

నంబర్ల పరీక్షకు ఒక పరిమితి ఉంది. కొన్ని రూటర్లు గెస్ట్‌కూ ఆఫీసుకూ ఒకే వరుస నంబర్లు ఇచ్చి, లోపల మాత్రం గోడ కడతాయి. కాబట్టి మామూలు చిన్న రూటర్ దగ్గర సంఖ్యలు వేరుగా ఉంటే గోడ ఉన్నట్టే. ఒకటిగా ఉన్నంత మాత్రాన గోడ లేదని చెప్పలేం.

హాట్‌స్పాట్‌లో కూడా టీవీ కనబడకపోతే అప్పుడు ఫోన్‌ను అనుమానించాలి. వీపీఎన్ యాప్ నడుస్తుంటే ఆపాలి, అది ఫోన్ మాటలన్నిటినీ ఇంకో దారికి మళ్లిస్తుంది. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో `Local Network` అనుమతి ఆ యాప్‌కు ఉందో లేదో చూడాలి. వైఫైలో ఇంటర్‌నెట్ మందగిస్తే కొన్ని ఫోన్లు మనకు చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. పైన వైఫై గుర్తు ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

చాలా స్టాఫ్‌రూముల్లో వినబడే మాట ఒకటుంది: ‘టీవీ 2.4లో ఉంది, ఫోన్ 5లో ఉంది, అందుకే కలవడం లేదు’ అని. 2.4, 5 గిగాహెర్ట్జ్ అనేవి గాలిలో దారులు. ఒకే రూటర్‌లో ఒకే నెట్‌వర్క్‌కు చెందినవైతే ఒకటి ఈ దారిలో, ఇంకొకటి ఆ దారిలో ఉన్నా మామూలుగా మాట్లాడుకుంటాయి. తేడా దారుల్లో కాదు, గెస్టా ఆఫీసా అన్న దానిలో.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

హాట్‌స్పాట్‌లో ఆడిందని చూపించాక, ఆ బడి కంప్యూటర్ బాధ్యత చూసే ఉపాధ్యాయుడి దగ్గరికి వెళ్లాం. ఆయన తమిళం వారు, మాతో వచ్చీరాని తెలుగులో మాట్లాడతారు. ‘సార్, మీ ఫోన్ ఆఫీసు నెట్‌వర్క్‌లో వేయమంటే మాత్రం కుదరదు. అక్కడ పిల్లల రికార్డులున్నాయి’ అన్నారు ముందుగానే. ఆయన మాట సబబే. ఒక ఉపాధ్యాయుడి ఫోన్ కోసం ఆ పాస్‌వర్డు బయటికి వస్తే వారం తిరిగేసరికి అందరి దగ్గరా ఉంటుంది. మనం అడగవలసింది అది కాదు.

రూటర్ సెట్టింగుల్లో గెస్ట్ భాగం తెరిస్తే ఈ రెండు గోడలకూ విడివిడి గడులు ఉండవచ్చు. టీపీ-లింక్ రూటర్లలో చాలావాటిలో అవి ఈ మాటలతో కనిపిస్తాయి:

```
Allow guests to see each other
Allow guests to access my local network
```

మొదటిది రెండో గోడను తీస్తుంది, అంటే గెస్ట్‌లో ఉన్నవి ఒకదానికొకటి కనబడతాయి. రెండోది మొదటి గోడను తీస్తుంది, అంటే గెస్ట్ ఫోన్లకు ఆఫీసు వస్తువులు కూడా అందుతాయి. మనకు కావలసింది మొదటి గడిలో టిక్కు మాత్రమే. రెండోది ఎప్పటికీ ఖాళీగానే ఉండాలి. టీవీని గెస్ట్‌లో ఉంచి, మొదటి గడి టిక్కు చేస్తే ఆఫీసు కంప్యూటరు గోడ చాటునే ఉంటుంది, మన పాఠం నడుస్తుంది. కొన్ని కంపెనీల రూటర్లలో రెండు గోడలకూ కలిపి ఒకే గడి ఉంటుంది. అలాంటి చోట దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. ఏపీ ఐసొలేషన్ అన్న గడి వేరుగా ఉంటే, అది గెస్ట్‌కు మాత్రమే వర్తిస్తుందో మొత్తానికి వర్తిస్తుందో చూసి గాని మార్చకూడదు.

ఆ బడిలో మొదటి గడి టిక్కు చేశాక పని అయింది. నాలుగో రోజున కొత్త సంగతి బయటపడింది. గెస్ట్ పాస్‌వర్డు ఉన్న పై తరగతి పిల్లవాడెవరో, మా ఐదో తరగతి సుమతీ పద్యాల మధ్యలో సినిమా పాట ఒకటి టీవీ మీద వేశాడు. ఐదో తరగతి వారికి ఆ రోజు పండగే. గోడ తీస్తే మన ఫోన్ ఒక్కదానికే కాదు, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఫోన్‌కూ టీవీ కనబడుతుంది. గెస్ట్‌లోని తక్కిన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కూడా ఒకదానికొకటి తెరుచుకుంటాయి. కాబట్టి ఈ పని చేసిన చోట గెస్ట్ పాస్‌వర్డు మార్చి, ఉపాధ్యాయుల వరకే ఉంచాలి. తల్లిదండ్రులకు, వచ్చిపోయే వారికి ఇవ్వకూడదు. ఆ బడిలో అదే చేశారు. పేరుకు అది గెస్ట్ గానీ, ఇప్పుడు అది తరగతి గదుల నెట్‌వర్క్.

రూటర్‌ను ముట్టుకోలేని చోట

అద్దె హాలులో, పక్క బడిలో, మాట వినే వారు లేని చోట రూటర్ మన చేతిలో ఉండదు. అప్పుడు మేము ఎంచుకునే వరుస ఇది.

టీవీలో పాఠం యూట్యూబ్‌దైతే కోడ్ పద్ధతి సులువు. టీవీలో యూట్యూబ్ తెరిచి సెట్టింగ్స్‌లో `Link with TV code` నొక్కితే అంకెల కోడ్ వస్తుంది. ఫోన్‌లోని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో `Watch on TV` కింద `Enter TV code` అన్నచోట ఆ అంకెలు కొడితే ఫోన్, టీవీ జత అవుతాయి. ఇక్కడ హాజరు పిలుపు లేదు. రెండూ ఇంటర్‌నెట్‌లో యూట్యూబ్ వారి దగ్గరే కలుసుకుంటాయి. అందుకే ఫోన్ మొబైల్ డేటాలో, టీవీ గెస్ట్ వైఫైలో ఉన్నా పని జరుగుతుంది. ఈ గోడలు ఆపేది పక్కవారితో మాటనే గాని బయటి మాటను కాదని ముందు చెప్పుకున్నాం, దాన్నే ఇక్కడ వాడుకుంటున్నాం. కానీ ఇది యూట్యూబ్ వరకే. ఫోన్‌లోని ఫొటో ఇలా పోదు.

ఫోన్‌లోని పాఠమే చూపాలంటే మిరాకాస్ట్ ఉందేమో చూడాలి. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ మీట నొక్కితే గానీ, యాప్‌ల వరుసలో గానీ `Miracast` అనో `Screen Mirroring` అనో ఉంటుంది. అది ముందు తెరిచి ఉంచి, తర్వాత ఫోన్‌లో వెతకాలి. చాలా టీవీలు ఆ తెర తెరిచి ఉన్నంతసేపే పిలుపు వింటాయి. మాట, బొమ్మ కొద్దిగా ఆలస్యంగా వస్తాయి, పాఠానికి అది అడ్డు కాదు. చుట్టూ వైఫైలు కిక్కిరిసి ఉంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

హాట్‌స్పాట్ ఎప్పుడూ ఉన్న దారే. రెండో ఫోన్ ఎందుకంటే, హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ నుంచే క్యాస్ట్ చేయడం కొన్ని ఫోన్లలో కుదురుతుంది, కొన్నిట్లో కుదరదు. పాత టీవీకి హాట్‌స్పాట్ పేరే కనబడకపోతే, హాట్‌స్పాట్ సెట్టింగులో బ్యాండును 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి. 5ను పట్టుకోలేని టీవీలు, డాంగిల్‌లు చాలా ఉన్నాయి. ఇక డేటా ఖర్చు. వీడియో 480 నాణ్యతలో ఉంటే గంటకు సుమారు అర జీబీ పోతుంది. 1080లో దానికి మూడు నాలుగు రెట్లు పోవచ్చు. రోజుకు జీబీన్నర ఇచ్చే ప్యాకులో ఒక పీరియడ్‌కు ఇబ్బంది లేదు. టీవీలో నాణ్యత చేత్తో తగ్గించుకుంటే చాలు, తనంత తానుగా వదిలేస్తే పెద్ద తెరను చూసి అది పై నాణ్యతకు ఎగబాకుతుంది.

పాఠం అయ్యాక టీవీని తిరిగి బడి నెట్‌వర్క్‌కు మార్చి రావడం మరవకూడదు. లేకపోతే తర్వాతి పీరియడ్ తమిళ సెక్షన్ వారు, మన హాట్‌స్పాట్ పేరు పట్టుకుని వెతుకుతున్న టీవీ ముందు నిలబడతారు.

వైరుతో కలుపుదామనే వారికి ఒక మాట. టైప్-సి రంధ్రం ఉన్న ప్రతి ఫోన్ నుంచీ హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి బొమ్మ రాదు. ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే వసతి ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో అది సాధారణంగా ఉండదు. వైరు కొనే ముందు ఎవరిదైనా అడిగి తెచ్చి మన ఫోన్‌కు తగిలించి చూడాలి. దాని బదులు, ముందు రోజే వీడియో ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీ వెనక పెడితే ఏ నెట్‌వర్క్ గొడవా లేదు. ఫైలు ఎంపీ4 అయితే దాదాపు ప్రతి టీవీ ఆడిస్తుంది. అయితే యాప్ లోపల దించుకున్న పాఠాలు, ఉదాహరణకు యూట్యూబ్ డౌన్‌లోడ్‌లు, ఇలా బయటికి రావు. అవి ఆ యాప్‌లోనే తెరుచుకుంటాయి. పెన్‌డ్రైవ్‌కు పనికొచ్చేవి మన కెమెరాతో తీసినవీ, ఫైలుగా మనకు అందినవీ మాత్రమే.